నెలనెలా శాతాలు: కూడితే 6.67, గల్లాపెట్టె చెప్పేది 1.64

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో మాకొక చిన్న కర్రీ పాయింట్ ఉంది. లెక్కలు మా మరిది చూస్తాడు. మార్చిలో అమ్మకం 2,00,000 రూపాయలు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా నెలనెలా మార్పు ఇలా రాసుకున్నాడు: 40 శాతం పెరిగింది, 30 తగ్గింది, 25 పెరిగింది, 20 తగ్గింది, 50 పెరిగింది, 25 తగ్గింది. అన్నీ కలిపి ఆరుతో భాగించి, నెలకు సగటున 6.67 శాతం పెరుగుతున్నాం అంటున్నాడు. ఆ లెక్క చూపించి కె.ఆర్.పురంలో రెండో షాపు తీసుకుందాం, పది నెలల అడ్వాన్స్ కట్టేద్దాం అని పట్టుబడుతున్నాడు. పుస్తకంలో చూస్తే సెప్టెంబరు అమ్మకం 2,20,500 మాత్రమే. నాకెందుకో పొంతన కుదరడం లేదు. తప్పెక్కడుందో చెప్పగలరా?
– ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: మీ మరిదిగారి కూడికలో తప్పు లేదు, భాగహారంలోనూ లేదు. కూడకూడనివాటిని కూడారు, అంతే.

ముందు ఏప్రిల్, మే రెండు నెలలే పట్టుకుందాం. మార్చి 2,00,000 మీద 40 శాతం అంటే 80,000. కాబట్టి ఏప్రిల్ అమ్మకం 2,80,000. మేలో 30 శాతం తగ్గింది. దేని మీద తగ్గింది? మార్చి రెండు లక్షల మీద కాదు, ఏప్రిల్‌లో వచ్చిన 2,80,000 మీద. అందులో 30 శాతం 84,000. అది పోగా మిగిలింది 1,96,000. కాగితం మీద నలభైలో ముప్పై పోతే ఇంకా పది మిగలాలి. గల్లాపెట్టెలో చూస్తే మార్చి కంటే 4,000 తక్కువ ఉంది. పెరిగినప్పటి నలభై చిన్న మొత్తం మీద లెక్కించింది, తగ్గినప్పటి ముప్పై పెద్ద మొత్తం మీద లెక్కించింది. అందుకే 84,000 వెళ్ళి 80,000ను మింగేసింది.

ఇది మీ వంటింట్లోనే చూడొచ్చు. నాలుగు లీటర్ల సాంబారు గిన్నెలోంచి పావు వంతు తీస్తే మూడు లీటర్లు మిగులుతుంది. మళ్ళీ పావు వంతు కలపమంటే, ఉన్న మూడింట్లో పావు వంతు, అంటే ముప్పావు లీటరు పోస్తారు. గిన్నెలో ఉండేది 3.75 లీటర్లు. పావు తీసి పావు పోశాం కదా, సమానమే అనుకుంటే పావు లీటరు ఎటు పోయిందో తెలియదు. రూపాయలనైనా, లీటర్లనైనా కూడుకోవచ్చు. శాతాలను కూడాలంటే మాత్రం అవన్నీ ఒకే మొత్తం మీద తీసినవై ఉండాలి. నెలనెలా మార్పులో ఏ నెల శాతం ఆ ముందు నెల మొత్తం మీద తీసినదే. ఆరు శాతాలకు ఆరు వేరువేరు మొత్తాలు.

వడ్డీ భాషలో చెప్తే ఇంకా తేలిక. మీ మరిదిగారు వేసింది బారువడ్డీ లెక్క. అమ్మకాలు నడిచేది చక్రవడ్డీ దారిలో, అది కూడా నెలకో రేటుతో.

ఇప్పుడు సరైన లెక్క. ప్రతి శాతాన్నీ ముందు గుణకంగా మార్చుకోండి. 40 శాతం పెరిగిందంటే నూరు రూపాయలు నూట నలభై అయ్యాయి, గుణకం 1.40. 30 శాతం తగ్గిందంటే నూరు డెబ్బై అయ్యాయి, గుణకం 0.70. ఇలా మీ ఆరు నెలలకు వరసగా 1.40, 0.70, 1.25, 0.80, 1.50, 0.75 వస్తాయి. తగ్గిన నెలకు మైనస్ గుర్తు ఉండదు, గుణకం ఒకటి కంటే చిన్నదవుతుంది, అంతే. చాలామంది పొరబడేది ఇక్కడే: 30 శాతం తగ్గుదలకు 0.30 వేసేస్తారు. అలా వేస్తే 70 శాతం పడిపోయినట్టు లెక్క.

ఈ ఆరింటినీ కూడకుండా గుణించండి. మొదటి రెండూ కలిస్తే 0.98. దాన్ని 1.25తో గుణిస్తే 1.225. దాన్ని 0.80తో గుణిస్తే మళ్ళీ 0.98. దాన్ని 1.50తో గుణిస్తే 1.47. చివరికి 0.75తో గుణిస్తే 1.1025. అంటే ఆరు నెలల్లో మీ అమ్మకం మార్చితో పోలిస్తే 1.1025 రెట్లయింది, మొత్తం మీద 10.25 శాతం పెరిగింది. రెండు లక్షలకు 1.1025 వేయండి: సరిగ్గా 2,20,500. మీ పుస్తకంలో ఉన్నదే. శాతాలను కూడితే ఆరు నెలల్లో మొత్తం 40 శాతం పెరిగినట్టు కనబడుతుంది, అది ఏ పుస్తకంలోనూ దొరకదు.

మొత్తం మార్పు తెలిశాక సగటు తీయాలి. ఇక్కడ 10.25ను ఆరుతో భాగించడం కూడా తప్పే. అలా 1.71 వస్తుంది, కానీ నెలకు 1.71 శాతం చొప్పున ఆరు నెలలు పెంచితే 10.25 దాటిపోతుంది, ఎందుకంటే పెరిగినదాని మీద మళ్ళీ పెరుగుతుంది. మనకు కావాల్సింది ఆరుసార్లు తనతో తాను గుణించుకుంటే 1.1025 అయ్యే సంఖ్య, అంటే ఆరో మూలం. అది 1.0164. ఒకటి తీసేస్తే 0.0164, అంటే నెలకు 1.64 శాతం. బడి పుస్తకాల్లో దీన్నే గుణ మధ్యమం అన్నారు. మీ మరిదిగారు తీసింది అంక మధ్యమం.

రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి వాదన అక్కర్లేదు. సగటు అన్నది నెలనెలా అదే రేటు ఉండి ఉంటే ఎక్కడికి చేరేవాళ్ళమో చెప్పాలి. 2,00,000ను నెలకు 1.64 శాతం చొప్పున ఆరుసార్లు పెంచి చూడండి, మీ 2,20,500కు పదీ పరక తేడాతో వస్తారు. అదే 6.67 శాతం చొప్పున పెంచితే సుమారు 2,94,600 వస్తుంది. సెప్టెంబరులో మీరు అమ్మనిది దాదాపు 74,000. సగటు తీసిన ప్రతిసారీ ఈ పరీక్ష పెట్టండి: మొదటి నెల నుంచి ఆ రేటుతో నడిచి చివరి నెలకు చేరకపోతే, ఆ సగటు పనికిరాదు.

ఇక్కడొక చిన్న మాయ ఉంది. పై 2,94,600 మీ ఆగస్టు అమ్మకం 2,94,000కు చాలా దగ్గరగా ఉంది. అది కేవలం యాదృచ్ఛికం. ఆగస్టు అంకె చూసి మీ మరిదిగారు 'చూశారా, 6.67 నిజమే' అనుకుని ఉంటే ఆశ్చర్యం లేదు.

రెండో షాపు లెక్కలోకి వెళ్తే ఈ తేడా బాగా ముదురుతుంది. సెప్టెంబరు 2,20,500 నుంచి వచ్చే పన్నెండు నెలలు నెలకు 6.67 చొప్పున పెరుగుతుందనుకుంటే వచ్చే సెప్టెంబరుకు సుమారు 4 లక్షల 78 వేలు. 1.64 చొప్పున అయితే సుమారు 2 లక్షల 68 వేలు. నెలకు అయిదు శాతం తేడాయే కదా అనిపించింది ఏడాదికి రెండు లక్షల పైచిలుకు అయింది. అడ్వాన్స్ కట్టేది మొదటి అంకె చూసి, అద్దె కట్టాల్సింది రెండో అంకెలోంచి.

ఆరో మూలం తీయడం చేతనయితే ఫోన్ చాలు. కాలిక్యులేటర్‌ను అడ్డంగా తిప్పితే చాలా ఫోన్లలో ఘాతం మీట కనబడుతుంది. 1.1025 కొట్టి, ఆ మీట నొక్కి, బ్రాకెట్ తెరిచి 1 భాగించు 6 అని కొట్టి, బ్రాకెట్ మూయాలి. బ్రాకెట్ మర్చిపోతే యంత్రం 1.1025ను ఒకటో ఘాతానికి పెంచి, తర్వాత ఆరుతో భాగిస్తుంది. 0.18375 అని వస్తుంది. ఇలా ఒకటి కంటే బాగా చిన్న సంఖ్య వచ్చిందంటే బ్రాకెట్ పోయిందని అర్థం చేసుకోండి.

షాపులో బల్ల మీదుండే మామూలు కాలిక్యులేటర్‌లో ఘాతం మీట ఉండదు, వర్గమూలం మీట మాత్రం ఉంటుంది. మీ లెక్కకు అదీ సరిపోతుంది. ఆరో మూలం అంటే వర్గమూలం తీసి, దానికి ఘనమూలం తీయడమే. 1.1025కు వర్గమూలం సరిగ్గా 1.05. ఇక మూడుసార్లు గుణిస్తే 1.05 అయ్యే సంఖ్య వెతకాలి. 1.016ను మూడుసార్లు గుణిస్తే 1.0488, తక్కువైంది. 1.017ను గుణిస్తే 1.0519, ఎక్కువైంది. 1.0164 వేస్తే 1.0500. దొరికింది. రెండు నిమిషాల పని.

ఎక్సెల్‌లోనో గూగుల్ షీట్స్‌లోనో పెడితే నెలనెలా మళ్ళీ చేయక్కర్లేదు. B2లో మార్చి అమ్మకం, కింద వరసగా B8 దాకా సెప్టెంబరు అమ్మకం రాయండి. D3లో ఈ సూత్రం పెట్టి D8 దాకా కిందికి లాగండి:

```
=B3/B2
```

అప్పుడు D వరసలో గుణకాలు వస్తాయి. సగటు రేటుకు ఈ రెండింటిలో ఏదైనా సరే, ఒకటే జవాబు రావాలి:

```
=GEOMEAN(D3:D8)-1
=(B8/B2)^(1/6)-1
```

ఆ గడిని శాతం రూపంలోకి మారిస్తే 1.64% కనబడుతుంది. GEOMEANకు గుణకాలే ఇవ్వాలి. మైనస్ ముప్పై, మైనస్ ఇరవై ఉన్న శాతాల వరస నేరుగా ఇస్తే `#NUM!` అని తిప్పికొడుతుంది, ఎందుకంటే దానికి సున్నా కంటే పెద్ద సంఖ్యలే కావాలి. ఆ ఎర్రర్ వచ్చినందుకు సంతోషించండి. అన్నీ పెరిగిన నెలలే అయితే శాతాలిచ్చినా ఎర్రర్ ఇవ్వదు, నోరు మూసుకుని తప్పు జవాబు ఇస్తుంది.

రెండో సూత్రంలో ఆరు ఎందుకు, ఏడు నెలల అంకెలు ఉన్నాయి కదా అని అడగొచ్చు. ఏడు స్తంభాల మధ్య ఆరు ఖాళీలే ఉంటాయి. మార్చి అంకె మొదలు మాత్రమే, మార్చిలో ఎంత పెరిగిందో మనం లెక్కలోకి తీసుకోలేదు. ఏడు వేస్తే 1.40 వస్తుంది, చూడటానికి సబబుగానే ఉంటుంది కాబట్టి తప్పని తట్టదు. వచ్చిన రేటుతో ఆరుసార్లు నడిచి చూస్తేనే పట్టుబడుతుంది.

ఇంకో మాట గమనించారా? రెండో సూత్రానికి మధ్య నెలలు అక్కర్లేదు. మార్చి, సెప్టెంబరు రెండు అంకెలు చాలు. రూపాయల పుస్తకం చేతిలో ఉన్నప్పుడు శాతాల జోలికే వెళ్ళనవసరం లేదు. శాతాలు మాత్రమే ఉండి అసలు మొత్తాలు లేనప్పుడే గుణకాలన్నీ గుణించుకోవాలి. అప్పుడు కూడా ఆ శాతాలను పూర్ణాంకాలకు కుదించి రాసుంటే కొంచెం తేడా వస్తుంది, ప్రతి నెలా పోయిన పైసలు గుణకారంలో పేరుకుంటాయి.

కూడి తీసిన సగటు ఎప్పుడూ ఇంత దారుణంగా ఉంటుందా అంటే, లేదు. ఆరు నెలలూ 2, 3, 1, 2, 4, 3 శాతం చొప్పున నెమ్మదిగా పెరిగిన షాపు ఉందనుకోండి. కూడి భాగిస్తే 2.5. గుణించి మూలం తీస్తే 2.496. ఈ తేడాకు ఎవరూ తగువులాడరు. మీ దగ్గర తేడా అంత పెద్దదవడానికి కారణం హెచ్చుతగ్గులు. ఒక నెల యాభై పైకి, మరు నెల ఇరవై అయిదు కిందికి. శాతాలు ఎంత ఊగితే కూడిన సగటు అంత పొంగుతుంది. అన్ని నెలలూ ఒకే శాతం ఉంటేనే రెండు సగటులూ సమానం, లేకపోతే కూడినదే ఎప్పుడూ పెద్దది. పొరపాటున కూడా తక్కువ చూపదు. అందుకే ఎవరైనా అప్పు కోసమో, వాటా అమ్ముకోవడానికో నెలసరి శాతాల సగటు చూపిస్తే, అది పైకే మొగ్గి ఉంటుందని పట్టుకోండి. తగ్గిన నెల మళ్ళీ లేవాలంటే ఎంత పెరగాలో చూసినా ఇదే తెలుస్తుంది: 30 శాతం పడితే తిరిగి పాత చోటికి రావడానికి 30 చాలదు, దాదాపు 43 కావాలి. 50 శాతం పడితే 100 కావాలి.

ఇంతవరకు మీ ప్రశ్నకు జవాబు. అయితే 1.64 తీసుకెళ్ళి మీ మరిదిగారి ముందు పెట్టేముందు, దాని బలహీనత కూడా తెలుసుకోవాలి. లేకపోతే రేపు ఆయన దాంతోనే మిమ్మల్ని ఓడిస్తారు.

గుణ మధ్యమం చూసేది రెండు చివరలనే. మధ్యలో ఏం జరిగినా దానికి పట్టదు. మీ లెక్క ఆగస్టులోనే ఆపి ఉంటే? 2,94,000ను 2,00,000తో భాగిస్తే 1.47, దానికి అయిదో మూలం తీస్తే నెలకు 8.01 శాతం. జులైలో ఆపి ఉంటే 1,96,000, అంటే 0.98, నాలుగో మూలం తీస్తే నెలకు అర శాతం తగ్గుదల. జులైలో అర శాతం కిందికి, ఆగస్టులో 8 పైకి, సెప్టెంబరులో 1.64. మూడూ గణితపరంగా తప్పు లేనివే. షాపు ఒకటే, పొయ్యి ఒకటే, చెప్పే మాటలు మాత్రం మూడు. ఇలా చివరి నెల మారగానే జవాబు తలకిందులైతే, ఆ సగటు మీ వ్యాపారం గురించి కాదు, ఆ చివరి నెల గురించి చెబుతోందని అర్థం.

దీనికి మందు, ఒక్కో నెలను కాకుండా మూడేసి నెలలను ఒక కట్టగా కట్టడం. ఏప్రిల్ 2,80,000, మే 1,96,000, జూన్ 2,45,000: కలిపితే 7,21,000. జులై 1,96,000, ఆగస్టు 2,94,000, సెప్టెంబరు 2,20,500: కలిపితే 7,10,500. ఇవి రూపాయలు కాబట్టి నిశ్చింతగా కూడుకోవచ్చు. రెండో కట్టను మొదటి దానితో భాగిస్తే 0.9854. మొదటి మూడు నెలల కంటే తర్వాతి మూడు నెలలు ఒకటిన్నర శాతం తక్కువ అమ్మారు. మొదటి కట్ట నడిమి నెల మే, రెండో కట్ట నడిమి నెల ఆగస్టు, మధ్య దూరం మూడు నెలలు. అందుకని ఘనమూలం తీయాలి: 0.9951. నెలకు దాదాపు అర శాతం తగ్గుదల.

అసలు సంగతి ఇక్కడుంది. 6.67 తప్పు, 1.64 ఒప్పు అన్నంత మాత్రాన షాపు నెలకు 1.64 పెరుగుతోందని నేను అనను. 1.64కు అండ మార్చి అనే ఒక్క నెల, సెప్టెంబరు అనే ఒక్క నెల. కట్టలు కట్టి చూస్తే మీ అమ్మకం ఏప్రిల్ నుంచి ఒకే చోట ఊగిసలాడుతోంది. నెలకు సగటున 2,37,000, 2,40,000 దగ్గర్లోనే. అందులో ఎదుగుదల ఉందని చెప్పడానికి ఈ ఏడు అంకెల్లో ఆధారం లేదు. మీకు పొంతన కుదరలేదనిపించింది దీనికే.

ఆ ఊగడానికి కారణాలు మీకే తెలియాలి. మారతహళ్ళి చుట్టుపక్కల పీజీల పిల్లల మీద నడిచే కర్రీ పాయింట్‌కు, సెలవులకు జనం ఊళ్ళకు వెళ్ళినప్పుడు ఒక లెక్క, శ్రావణమాసంలో పులిహోర, బూరెల ఆర్డర్లు వచ్చినప్పుడు ఒక లెక్క. మీ ఆగస్టులో అలాంటి ఒక్కసారి వచ్చి పోయే ఆర్డర్ ఏదైనా ఉంటే, దాన్ని విడిగా రాసి, అది లేకుండా ఆగస్టు ఎంతో చూడండి. అప్పుడు 50 శాతం పెరగడం, వెంటనే 25 శాతం తగ్గడం రెండూ ఒకేసారి సన్నబడొచ్చు. పైకీ కిందికీ కనబడే రెండు పెద్ద శాతాలు చాలాసార్లు ఒకే ఒక్క వింత నెల తాలూకు రెండు అంచులు.

క్యాలెండరు కూడా మోసం చేస్తుంది. రోజుకు సరిగ్గా 7,000 అమ్మే షాపు ఫిబ్రవరి 28 రోజుల్లో 1,96,000, మార్చి 31 రోజుల్లో 2,17,000 అమ్ముతుంది. ఒక్క ఇడ్లీ ఎక్కువ అమ్మకుండానే 10.7 శాతం 'పెరుగుదల'. అందుకే నెల అమ్మకాన్ని షాపు తెరిచిన రోజులతో భాగించి, రోజు సగటు మీద శాతాలు తీయండి. సంక్రాంతికి వారం రోజులు షట్టర్ దించి ఊరెళ్ళినా ఈ పద్ధతిలో లెక్క చెడదు. ఏదైనా నెల మొత్తం మూసేసి ఉంటే మాత్రం గుణకం సున్నా అవుతుంది, ఒక్క సున్నా మొత్తం గుణకారాన్ని సున్నా చేసేస్తుంది. అలాంటప్పుడు గుణకాల వరస వదిలేసి, తెరిచి ఉన్న నెలలకే రోజు సగటు తీసి, మొదటికీ చివరికీ పోల్చి, మధ్యలో గడిచిన మొత్తం నెలలకు మూలం తీయాలి.

కూడి భాగించే సగటును అసలు వాడకూడదా అంటే, దానికీ చోటు ఉంది. ప్రతి నెలా అదే మొత్తంతో మొదలుపెట్టి, లాభం పక్కకు తీసేసే పని అయితే అదే సరైనది. ఉదాహరణకు మీరు నెలనెలా 50,000 పెట్టి ఆవకాయ, పొడుల సరుకు తెచ్చి అమ్మి, లాభం ఇంటి ఖర్చుకు తీసేసి, మరు నెల మళ్ళీ 50,000తోనే మొదలుపెడతారనుకోండి. ఒక నెల 20 శాతం లాభం, ఒక నెల 10 శాతం నష్టమైతే, నష్టం ఇంటి డబ్బుతో పూడ్చి మళ్ళీ 50,000 చేస్తారు. 10,000 వచ్చింది, 5,000 పోయింది, రెండు నెలల్లో 5,000 మిగిలింది. నెలకు సగటున 5 శాతం, 2,500. ఇక్కడ రెండు శాతాలూ ఒకే యాభై వేల మీద తీసినవి కాబట్టి కూడొచ్చు. అమ్మకాల పెరుగుదల అలా కాదు, ముందు నెల మీదే మరు నెల నిలబడుతుంది. అలాగే 'నెలకు సగటున ఎన్ని రూపాయలు పెరిగాం' అని అడిగితే 20,500ను ఆరుతో భాగించి 3,417 అనవచ్చు. అది శాతం కాదు, రూపాయలు.

ఇక మీ మరిదిగారితో మాట్లాడేటప్పుడు సూత్రాలతో మొదలుపెట్టకండి. సెప్టెంబరు పేజీ తెరిచి, 'నెలకు 6.67 చొప్పున పెరిగి ఉంటే ఇక్కడ సుమారు 2,94,600 ఉండాలి, 2,20,500 ఎందుకుంది' అని అడగండి. తర్వాత ఏప్రిల్–జూన్, జులై–సెప్టెంబరు మొత్తాలు రెండూ పక్కపక్కన రాసి చూపండి. ఆయన 'ఆగస్టు చూడండి' అంటారు. అప్పుడు జులై కూడా చూడమనండి.

కిందటేడు పుస్తకం ఉంటే అది ఇంకా మంచి సాక్షి. కిందటి జులై నుంచి సెప్టెంబరు దాకా మొత్తం ఎంతో తీసి, ఈ ఏడాది 7,10,500ను దానితో భాగించండి. పండగలు, సెలవులు, వానలు రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ఆ ఊగుడు చాలావరకు కొట్టుకుపోతుంది. అధికమాసం వచ్చిన ఏడాది మాత్రం శ్రావణం జరిగి సెప్టెంబరులోకి వెళ్ళొచ్చు, మూడు నెలల కట్ట ఉంటే ఆ ఇబ్బంది కూడా చాలావరకు తీరుతుంది. వచ్చిన సంఖ్యకు పన్నెండో మూలం తీయండి. మామూలు కాలిక్యులేటర్‌లో అయితే వర్గమూలం రెండుసార్లు నొక్కి, ఆపైన ఘనమూలం వెతుక్కోవాలి. షీట్‌లో అయితే కిందటేటి మొత్తం F2లో, ఈ ఏటి మొత్తం F3లో పెట్టి:

```
=(F3/F2)^(1/12)-1
```

అందులోంచి ధరలు పెంచిన భాగం కూడా తీసి చూడాలి. ఈ ఏడాది మధ్యలో కప్పు కూర 40 నుంచి 45 చేసి ఉంటే, కప్పుల సంఖ్య పెరగకుండానే ఆ కూరల మీద 12.5 శాతం అమ్మకం పెరిగినట్టు కనిపిస్తుంది. రెండో షాపుకు కావాల్సింది కొత్తగా వచ్చే కప్పులు. కాబట్టి వీలుంటే రూపాయల పక్కనే రోజుకు ఎన్ని కప్పులు పోయాయో కూడా ఈ నెల నుంచే రాయించండి, ఆ వరస మీద కూడా ఇదే సూత్రం నడుస్తుంది.